పీఎల్ఏ ప్లస్: కలిపినది ఏమిటి, మారినది ఏమిటి

పీఎల్ఏ ప్లస్ అనేది త్రీడీ ప్రింటర్లలో వాడే ఒక రకం ఫిలమెంట్‌కు స్థిరపడిన వ్యాపార నామం. పీఎల్ఏ అంటే పాలీలాక్టిక్ ఆమ్లం. మొక్కజొన్న పిండిని గాని చెరకు చక్కెరను గాని పులియబెడితే వచ్చే లాక్టిక్ ఆమ్లంతో అల్లిన పొడవాటి అణుగొలుసుల పాలిస్టర్ ఇది. దానికి మరికొన్ని పదార్థాలు కలిపి, పెళుసుదనం తగ్గించి అమ్మేదాన్ని ప్లస్ అంటున్నారు. ఏం కలిపితే, ఎంత కలిపితే ప్లస్ అనాలో ఏ ప్రమాణమూ చెప్పదు. ఒక కంపెనీ ప్లస్‌కూ ఇంకో కంపెనీ ప్లస్‌కూ లోపలి సరుకులో పోలిక ఉండాలన్న నియమం లేదు. అయినా డబ్బా మీద మాట మాత్రం ఒకటే: మరింత బలం, మరింత వేడిని తట్టుకునే శక్తి, అంతే సులువుగా ప్రింట్. ఈ మూడింటినీ విడివిడిగా పట్టి చూస్తే మొదటిది సగం నిజం, రెండోది చాలావరకు అబద్ధం, మూడోది ఒక చిన్న షరతు మీద నిజం. ప్లస్ ఒక బేరం. బిరుసుదనంలో కొంత వదులుకుని, దెబ్బకు ఓర్చే గుణాన్ని కొనుక్కోవడం ఆ బేరం సారాంశం. వేడి ఆ బేరంలోకి రాదు. ఎందుకు రాదో తెలియాలంటే ముందు మామూలు పీఎల్ఏ ఎందుకు విరుగుతుందో తెలియాలి.

డ్యూపాంట్‌లో వాలెస్ కరోథర్స్ 1930లలోనే పాలీలాక్టిక్ ఆమ్లం మీద పనిచేశాడు. అది టన్నుల లెక్కన చౌకగా దొరకడం మొదలైంది మాత్రం నేచర్‌వర్క్స్ సంస్థ అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రం బ్లెయిర్‌లో పెద్ద కర్మాగారం నడిపాకనే. కప్పులకూ పల్చని ఫిల్ములకూ ఉద్దేశించిన గుళికలే తొలినాళ్లలో ఫిలమెంట్‌గా కూడా మారాయి. ఆ సంస్థ 4043డీ గ్రేడ్ అలా వచ్చినదే. గది వేడిలో పీఎల్ఏ గాజులాంటి పదార్థం. దాని అణుగొలుసులు చిక్కుపడి, కదలకుండా బిగుసుకుపోయి ఉంటాయి. సుమారు 55 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆ బిగువు సడలి, గొలుసులు ఒకదాని పక్క నుంచి ఒకటి జారగలుగుతాయి. దాన్ని గ్లాస్ ట్రాన్సిషన్ అంటారు. అసలు కరిగే వేడి ఇంకా చాలా పైన, గ్రేడును బట్టి 150 నుంచి 180 డిగ్రీల మధ్య ఉంటుంది. ఈ రెండు అంకెల మధ్య దూరమే ఈ వ్యాసంలో సగం కథ. గది వేడిలో కదలలేని గొలుసుల మీద దెబ్బ పడితే ఆ శక్తిని సర్దుకునే వీలు వాటికి ఉండదు. ఎక్కడో ఓ సన్నని పగులు మొదలై, ఆపేవాళ్లు లేక, ఈ చివర నుంచి ఆ చివరికి దూసుకుపోతుంది. లాగి చూస్తే పీఎల్ఏ 50, 60 మెగాపాస్కల్ దాకా తట్టుకుంటుంది. ఏబీఎస్ కన్నా ఎక్కువే. కాని నాలుగైదు శాతం సాగేలోపే పుటుక్కున తెగుతుంది. అంటే దానికి బలం లోటు కాదు, ఓర్పు లోటు.

ఆ లోటును పూడ్చడానికి కలిపేవి ముఖ్యంగా మెత్తటి పదార్థాలు. ఒక దారి టీపీయూ, పీబీఏటీ, పీబీఎస్ వంటి సాగే పాలిమర్లను కొద్ది శాతం కలపడం. ఇంకో దారి కోర్ షెల్ రేణువులు కలపడం. లోపల రబ్బరు ముద్ద, పైన పీఎల్ఏతో పొసగే గట్టి పెంకు ఉన్న, మైక్రాన్‌లో కొంత భాగమంతటి సైజు రేణువులవి. వీటికి తోడు ప్రాసెసింగ్‌లో తెగిన అణుగొలుసులను మళ్లీ అతికించే చైన్ ఎక్స్‌టెండర్, స్ఫటికాలు త్వరగా కట్టడానికి టాల్క్, ధర తగ్గించడానికో మెరుపు చంపడానికో సున్నపురాయి పొడి, రంగులు. ఏది ఎంతన్నది ఎవరి వంట వారిది, బయటికి చెప్పరు. పని జరిగే తీరు మాత్రం దాదాపు ఒకటే. మట్టిగోడ పెట్టేటప్పుడు మట్టిలో వరిగడ్డి వేసి తొక్కుతారు. గడ్డి గోడకు బలం ఇవ్వదు, నెర్రె పాకకుండా అడ్డుకుంటుంది. రబ్బరు రేణువు కూడా పగులును ఆపడానికే ఉంది, కాకపోతే గడ్డిలా పట్టి ఉంచదు. దెబ్బ పడగానే తాను లోలోపల బుడగలా చిట్లి, చుట్టూ ఉన్న పీఎల్ఏకు కొంచెం సాగేందుకు చోటు చేస్తుంది. ఒక్క పెద్ద పగులుగా పోవలసిన శక్తి వేల చిన్న సాగుళ్లుగా పంచుకుపోతుంది.

దీన్ని చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. స్పూల్ నుంచి జానెడు ఫిలమెంట్ కత్తిరించి, రెండు కొసలూ పట్టుకుని ఒకే చోట మడవాలి. మామూలు పీఎల్ఏ కాస్త వంగి, టక్కున రెండు ముక్కలవుతుంది. విరిగిన ముఖం గాజుపెంకులా నున్నగా మెరుస్తుంది. ప్లస్ ముక్క వంగుతూ వంగుతూ మడతపడి, మడత దగ్గర తెల్లబారుతుంది. ఎర్రటి ఫిలమెంట్ అయితే అక్కడ లేత గులాబీ చార కనిపిస్తుంది. ఆ తెలుపు రంగు పోవడం వల్ల వచ్చింది కాదు. లోపల చిట్లిన రేణువుల ఖాళీల మీద పడి వెలుతురు చెదిరిపోవడం వల్ల వచ్చింది. నాలుగైదు సార్లు అటూ ఇటూ మడిస్తే గాని చాలా ప్లస్ ఫిలమెంట్లు తెగవు. తెల్లబారకుండానే విరిగితే డబ్బా మీద ఏమున్నా లోపల ఓర్పునిచ్చే సరుకు లేనట్టే, లేదా చాలనంత ఉన్నట్టే. ఇంత చౌకగా, ఇంత నమ్మకంగా సరుకును పట్టించే పరీక్ష ఇంకోటి లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. చాలా కంపెనీలు తమ డేటాషీట్లలో ప్లస్‌కు లాగుడు బలం మామూలు పీఎల్ఏ కన్నా తక్కువే చూపిస్తాయి. అలాంటప్పుడు డబ్బా మీద బలం ఎక్కువ అనడం మోసం కాదా? మోసం అనేకన్నా మాటల గందరగోళం అనాలి. తెలుగులో బలం, బిరుసు, ఓర్పు మూడు వేరు మాటలు. వ్యాపార భాష మూడింటినీ బలం కిందే జమ కడుతుంది. బలం అంటే తెగే ముందు ఎంత లాగుడు మోస్తుందన్నది. బిరుసు అంటే అదే బరువుకు ఎంత తక్కువ వంగుతుందన్నది. ఓర్పు అంటే తెగేలోపు ఎంత శక్తిని దిగమింగుతుందన్నది. మెత్తటి రేణువులు లాగుడును మోయవు కాబట్టి అవి ఎంత చోటు ఆక్రమిస్తే అంత మేర బలమూ బిరుసూ తగ్గుతాయి. సాగడం మాత్రం రెండు మూడు రెట్లో, ఇంకా ఎక్కువో పెరుగుతుంది. శక్తి అంటే లాగుడును సాగుడుతో హెచ్చవేసిన లెక్క కాబట్టి ఓర్పు పెరిగిపోతుంది. డేటాషీట్‌లో అది ఐజోడ్ లేదా చార్పీ అన్న వరుసలో, చదరపు మీటరుకు కిలోజౌళ్లలో ఉంటుంది. కింద పడితే విరగని వస్తువు కావాలనుకునేవాళ్లు చూడవలసిన వరుస అది. జనం చూసేది దాని పైనున్న మెగాపాస్కల్ వరుస.

ఒక చిన్న క్లిప్పు మీద లెక్క వేస్తే ఈ బేరం కళ్లకు కడుతుంది. రిమోట్ వెనక బ్యాటరీ మూతకు ఉండే కొక్కెం లాంటిది అనుకుందాం. నాలుక పొడవు 15 మిల్లీమీటర్లు, మందం 2, వెడల్పు 6. మూత దిగేటప్పుడు కొస 1.5 మిల్లీమీటర్లు పక్కకు వంగాలి. అలా వంగినప్పుడు నాలుక మొదలు దగ్గర పదార్థం ఎంత సాగవలసి వస్తుందో ఈ సూత్రం చెబుతుంది:

```
ε = 3·h·y / (2·L²) = 3·2·1.5 / (2·15²) = 0.02
```

అంటే 2 శాతం. మామూలు పీఎల్ఏ తెగేది నాలుగైదు శాతం దగ్గర కదా, పర్వాలేదనిపిస్తుంది. కాని నాలుక మూతకు కలిసే లోపలి మూల పదునుగా ఉంటే సాగుడంతా అక్కడే పోగై, ఆ ఒక్క గీత దగ్గర దాదాపు రెట్టింపవుతుంది. మొదటిసారి దిగుతుంది, రెండోసారి దిగుతుంది, ఓసారి మూల దగ్గర పుటుక్కుమంటుంది. ప్లస్ అయితే ఆ మూలలో తెల్లటి గీత పడి నిలబడుతుంది. దానికి చెల్లించిన ధరను కూడా లెక్కించవచ్చు. కొసను అంత దూరం వంచడానికి కావలసిన తోపు బిరుసును బట్టి ఉంటుంది. బిరుసు 3300 మెగాపాస్కల్ ఉన్న మామూలు పీఎల్ఏకు అది సుమారు 17.6 న్యూటన్లు. 2200 ఉన్న ప్లస్‌కు 11.7 మాత్రమే. కొక్కెం విరగదు గాని పట్టు మూడో వంతు తగ్గింది. మూత వదులుగా ఉందని ఫిర్యాదు చేసేవాళ్లు ప్రింటర్‌ను తిడతారు, కారణం పదార్థంలో ఉంది. ఈ లెక్కలోంచే ఇంకో సంగతి తేలుతుంది. నాలుక పొడవును 15 నుంచి 20కి పెంచితే సాగుడు 1.1 శాతానికి దిగి, మామూలు పీఎల్ఏ క్లిప్పే చాలాకాలం నిలుస్తుంది. గీసిన తీరులో ఉన్న తప్పును పదార్థంతో కప్పిపుచ్చడానికి ప్లస్ ఎక్కువగా ఉపయోగపడుతోందన్న మాటలో నిజం ఉంది. మూల గుండ్రం చేయడానికీ నాలుక పొడిగించడానికీ చోటు లేనప్పుడే అది నిజంగా అవసరమయ్యే సరుకు.

బిరుసు తగ్గడం వల్ల ఇంకో నష్టం ఉంది, అది వెంటనే కనిపించదు. ఎప్పుడూ బరువు మోస్తూ ఉండే పీఎల్ఏ గది వేడిలోనే నెమ్మదిగా కుంగుతుంది. దీన్ని క్రీప్ అంటారు. మెత్తటి పదార్థం కలిస్తే ఆ కుంగుడు సాధారణంగా పెరుగుతుంది. గోడ మీద పుస్తకాల అరకు ఆనుగా పెట్టిన బ్రాకెట్, ఎప్పుడూ బిగుతుగా ఉండాల్సిన బోల్టు కింది ముక్క, కొలతలు తప్పకూడని డ్రిల్లింగ్ అచ్చు వంటి వాటికి మామూలు పీఎల్ఏయే మేలు. చేతిలోంచి జారిపడే పనిముట్ల పిడి, పిల్లల బొమ్మ, మూత కొక్కెం, డ్రోన్ కాలు వంటివి ప్లస్ సొత్తు. పొరల మధ్య అతుకు విషయంలోనూ ఎక్కువ ఆశ పెట్టుకోకూడదు. ప్రింటులో పొరలకు అడ్డంగా లాగితే ఉండే బలం పొర వెంట ఉండే బలం కన్నా తక్కువే, అది ఏ పదార్థమైనా అంతే. పైన చెప్పిన నాలుకను నిలువుగా నిలబెట్టి ప్రింట్ చేస్తే వంపు సరిగ్గా రెండు పొరల అతుకు మీద పడుతుంది. అక్కడ రబ్బరు రేణువులు ఎన్ని ఉన్నా అతుకు విప్పుకుంటే చేసేదేం లేదు. పడుకోబెట్టి ప్రింట్ చేసిన మామూలు క్లిప్పు నిలబెట్టిన ప్లస్ క్లిప్పును ఓడించడం మామూలే.

ఇక వేడి సంగతి. ఒక ప్లాస్టిక్ ఎంత వేడి తట్టుకుంటుందని చెప్పే అంకె హెచ్‌డీటీ. ఐఎస్ఓ 75 ప్రకారం 10 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీని 64 మిల్లీమీటర్ల ఎడంలో రెండు ఆనుల మీద పెట్టి, మధ్యలో 0.45 మెగాపాస్కల్ ఒత్తిడి వచ్చేంత బరువు వేస్తారు. గంటకు 120 డిగ్రీల చొప్పున నూనెను వేడి చేస్తూ పోయి, పట్టీ 0.34 మిల్లీమీటర్లు వంగినప్పటి వేడిని రాసుకుంటారు. 0.45 మెగాపాస్కల్ అనగానే పెద్ద బరువేదో అనిపిస్తుంది. లెక్క కడితే 76 గ్రాములు, అంటే దాదాపు పది పదిరూపాయల నాణేల బరువు. అంతపాటి బరువుకే మామూలు పీఎల్ఏ పట్టీ 55 డిగ్రీల ప్రాంతంలో వంగిపోతుంది. ప్లస్ పట్టీ ఎంత దగ్గర వంగుతుంది? అక్కడే, చాలాసార్లు ఒకటి రెండు డిగ్రీలు ముందే. మెత్తటి రేణువులు పీఎల్ఏలో కరిగిపోలేదు, విడిగా చుక్కల్లా ఉన్నాయి. బరువు మోసేది చుట్టూ ఉన్న పీఎల్ఏయే కనుక అది సడలే వేడి మారలేదు. పల్లీపట్టీలో ఎన్ని పల్లీలు వేసినా ఎండలో పాకం మెత్తబడే వేడి పాకానిదే గాని పల్లీలది కాదు కదా. గొలుసుల మధ్య కరిగిపోయి కలిసే ప్లాస్టిసైజర్లను మెత్తదనం కోసం వాడితే గ్లాస్ ట్రాన్సిషన్ ఇంకా కిందికి జారుతుంది కూడా.

దీనికి ఎదురు సాక్ష్యంగా ప్లస్ ముక్కను వేడి నీళ్లలో వేశాం, ఎండలో పెట్టాం, ఏమీ కాలేదన్న మాట వినిపిస్తుంది. అది అబద్ధం కానక్కర్లేదు. మీద బరువేమీ లేని మందపాటి ముక్క 60 డిగ్రీల దగ్గర కూడా తన ఆకారంలోనే కూర్చుంటుంది. మామూలు పీఎల్ఏ ముక్కా అలాగే కూర్చుంటుంది. పది నాణేల బరువు మోయమన్నప్పుడే తేడా, లేదా తేడా లేకపోవడం, బయటపడుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో నీడలో 44 డిగ్రీలు ఉన్న రోజు, అద్దాలు మూసి ఎండలో నిలిపిన కారు లోపల గాలి 60 దాటడం వింత కాదు. నేరుగా ఎండ పడే డాష్‌బోర్డు అంతకన్నా కాలుతుంది. అక్కడ ఫోన్ పట్టుకునే క్లిప్పును ప్లస్‌తో చేసినా మామూలుదానితో చేసినా మధ్యాహ్నానికి ఫోన్ బరువుకు నాలుక వాలిపోతుంది. అది విరగదు, పగలదు, తెల్లబారదు, నున్నగా వంగి అలాగే చల్లారుతుంది. విరిగిన ముక్కకూ వాలిన ముక్కకూ జబ్బులు వేరు. మొదటిదానికి ప్లస్ మందు. రెండోదానికి 80 డిగ్రీల ప్రాంతంలో సడలే పీఈటీజీ కొంత, 100 ప్రాంతంలో సడలే ఏబీఎస్ లేక ఏఎస్ఏ పూర్తిగా మందు.

అయితే 100 డిగ్రీలు తట్టుకునే పీఎల్ఏ కూడా బజారులో ఉంది కదా అనవచ్చు. ఉంది, కాని దాని కిటుకు వేరు. గ్లాస్ ట్రాన్సిషన్‌కూ కరిగే వేడికీ మధ్య చాలా దూరం ఉందని మొదట అనుకున్నాం. గొలుసులు వరుసగా పేర్చుకుని స్ఫటికాలు కడితే అవి 150 పైచిలుకు దాకా కరగవు. గొలుసులు సడలినా ఆ స్ఫటికాలు గుంజల్లా నిలబెడతాయి. పీఎల్ఏ స్ఫటికాలు కట్టడం మహా బద్ధకంగా సాగుతుంది. నాజిల్ నుంచి వచ్చిన దారాన్ని ఫ్యాన్ క్షణాల్లో చల్లార్చేస్తుంది కాబట్టి ప్రింటయిన వస్తువులో స్ఫటికాలు దాదాపు ఉండవు. అందుకే ముక్కను ఓవెన్‌లో 80 నుంచి 110 డిగ్రీల మధ్య అరగంటో గంటో ఉంచి, నెమ్మదిగా చల్లారనివ్వాలి. దీన్ని అనీలింగ్ అంటారు. గొలుసుల్లో డీ రకం లాక్టిక్ యూనిట్లు తక్కువగా ఉండి, టాల్క్ వంటి బీజాలు కలిసిన గ్రేడుల్లో ఇది చక్కగా పనిచేస్తుంది. నేచర్‌వర్క్స్ 3డీ850, 3డీ870 అలాంటివే. రెండోదానిలో దెబ్బను తట్టుకునే గుణమూ పెట్టారు. 4043డీలో డీ యూనిట్లు ఎక్కువ కాబట్టి స్ఫటికాలు ఆలస్యంగా, అరకొరగా కడతాయి. ఈ లోపు ముక్క సడలిపోయి, ప్రింటింగ్‌లో సాగి గడ్డకట్టిన గొలుసులు వెనక్కి ముడుచుకుంటాయి. పొడవు వెడల్పులు తగ్గుతాయి, ఎత్తు కొంచెం పెరుగుతుంది. 100 మిల్లీమీటర్ల ముక్క రెండు మూడు శాతం ముడుచుకుంటే బోల్టు రంధ్రాలు రెండు మూడు మిల్లీమీటర్లు తప్పిపోయినట్టే. కాబట్టి వేడిని తట్టుకునే పీఎల్ఏ అంటే ప్లస్ కాదు, స్ఫటికాలు కట్టించిన పీఎల్ఏ. డబ్బా మీద అనీలింగ్ పద్ధతీ అనీలింగ్ తర్వాతి హెచ్‌డీటీ అంకే విడిగా రాసి ఉంటేనే ఆ మాటను నమ్మవచ్చు. ప్లస్ అన్న ఒక్క గుర్తును పట్టుకుని ముక్కను ఓవెన్‌లో పెట్టేవాళ్లకు చాలాసార్లు వంకర ముక్క దక్కుతుంది.

సెట్టింగుల విషయంలో ప్లస్ ఎక్కువేమీ కోరదు. అది కోరే ఒక్కటీ నాజిల్ దగ్గర పదో పదిహేనో డిగ్రీలు ఎక్కువ వేడి. మామూలు పీఎల్ఏకు 190 నుంచి 215 సరిపోతే, ప్లస్‌కు 205 నుంచి 230 చెబుతారు. దీనికి కారణం సరుకులోనే ఉంది. చైన్ ఎక్స్‌టెండర్ వల్ల గొలుసులు పొడవై కొమ్మలు వేస్తాయి, కరగని రబ్బరు రేణువులు ప్రవాహానికి అడ్డం పడతాయి. అదే వేడిలో పాకం చిక్కగా ఉంటుంది. చిక్కటి పాకం రెండు నష్టాలు చేస్తుంది. ఒకటి, ఎక్స్‌ట్రూడర్ గేరు తోయలేక టక్ టక్‌మంటూ వెనక్కి జారుతుంది, గోడల్లో సన్నని ఖాళీలు వస్తాయి. రెండోది మోసకరమైనది. ప్రింటు చూడ్డానికి బాగానే ఉంటుంది, కొంచెం మెరుపు తగ్గి నున్నటి మాట్‌లా ఇంకా అందంగా కనిపిస్తుంది, కాని పొరలు సరిగా అతకవు. చేతితో విరిస్తే పొర వెంట అట్టలా విడిపోతుంది. ప్లస్ కొని, పాత ప్రొఫైల్‌తో 200 దగ్గరే ప్రింట్ చేసి, ఇది మామూలుదానికన్నా నాసిగా ఉందనేవాళ్లకు జరిగింది ఇదే. ఓర్పు కోసం డబ్బు పెట్టి, ఆ ఓర్పును అతుకు దగ్గర పోగొట్టుకున్నారు. అలాగని 235, 240కి ఎక్కిస్తే నాజిల్ కారుతూ దారాలు పోస్తుంది, గాలిలో వేలాడే అంచులు కుంగుతాయి. ఐదు డిగ్రీల మెట్లతో ఒక టెంపరేచర్ టవర్ ప్రింట్ చేసి, అందంగా ఉన్న మెట్టును కాకుండా చేత్తో విరవడానికి ఎక్కువ కష్టమైన మెట్టును ఎంచుకోవాలి.

వేగానికీ ఇదే సూత్రం. 0.45 మిల్లీమీటర్ల వెడల్పు, 0.2 మిల్లీమీటర్ల ఎత్తున్న గీతను సెకనుకు 150 మిల్లీమీటర్ల వేగంతో వేస్తే నాజిల్ సెకనుకు 13.5 ఘన మిల్లీమీటర్ల ప్లాస్టిక్ కరిగించాలి. ఒక ప్లస్ ఫిలమెంట్ అదే నాజిల్‌లో 12 దగ్గరే తడబడుతోందని తేలితే, స్లైసర్‌లో Max volumetric speed అన్న గడిలో 11 అని రాస్తే చాలు, మిగతా వేగాలను అదే దించుకుంటుంది. ఫ్యాన్‌ను మొదటి ఒకటి రెండు పొరలకు ఆపి, తర్వాత మామూలు పీఎల్ఏకు పూర్తిగా తిప్పుతారు. ప్లస్‌కూ అలాగే తిప్పవచ్చు. అందం కన్నా అతుకు ముఖ్యమైన క్లిప్పులకు మాత్రం 70 శాతానికి తగ్గిస్తే పొరకు పొర ఇంకొంచెం వేడిగా కలుస్తుంది. పైన లెక్క వేసిన బ్యాటరీ మూతను ఒక సాధారణ ప్లస్‌తో మొదలుపెట్టడానికి ఇవి చాలు:

```
M104 S220
M140 S60
M106 S179
```

మొదటి వరుస నాజిల్‌ను 220కి, రెండోది బెడ్‌ను 60కి తెస్తుంది. మూడోది 255లో 179, అంటే 70 శాతం ఫ్యాన్, దాన్ని మొదటి ఒకటి రెండు పొరలు అయ్యాకే ఇవ్వాలి. బెడ్ వేడి రెండింటికీ ఒకటే. ఎందుకంటే అది ఆధారపడేది గ్లాస్ ట్రాన్సిషన్ మీద, అది మారలేదు. మూత ఉన్న ప్రింటర్లలో తలుపు తీసి పెట్టాలన్న నియమం కూడా మారలేదు. లోపలి గాలి వేడెక్కి, నాజిల్ పైభాగంలోనే ఫిలమెంట్ మెత్తబడి ఉబ్బి ఇరుక్కుపోవడం ప్లస్‌కూ అంతే సులువుగా జరుగుతుంది. డబ్బా మీద వేడిని తట్టుకుంటుందన్న మాట నిజమైతే తలుపు మూసి ప్రింట్ చేయగలగాలి కదా. ఆ డబ్బాలోనే ఉన్న సూచనల కాగితం తలుపు తీయమంటుంది. వ్యాపార వాక్యాన్ని ఇంతకన్నా బాగా ఖండించేది ఇంకేం కావాలి?

ఇంకో అభ్యంతరానికి కొంత బరువుంది. మామూలు పీఎల్ఏ పెళుసుదనంలో ఎక్కువ భాగం తేమ వల్లే, బాగా ఆరబెడితే ప్లస్ అక్కర్లేదన్నది ఆ వాదన. విశాఖలోనో కాకినాడలోనో వానాకాలంలో తెరిచి పెట్టిన స్పూల్ కొన్ని వారాలకే ప్రింటర్ గొట్టంలో ఉన్నచోటే ముక్కలుగా విరిగిపోవడం తెలిసిన విషయమే. కాని అలా విరగడానికి తేమతోపాటు గొలుసులు కాలం గడిచేకొద్దీ ఇంకా దగ్గరగా సర్దుకుని బిగుసుకోవడం కూడా కారణం. ఆరబెడితే మొదటిది పోతుంది, రెండోది పోదు. ఆరబెట్టిన మామూలు పీఎల్ఏ కూడా కొత్తలో నాలుగైదు శాతమే సాగేది. ప్లస్‌లో రేణువులు ఉన్నాయి కాబట్టి అదే గొట్టంలో అది విరగకుండా కూర్చుంటుంది. అయితే విరగడం లేదు కాబట్టి తేమ లేదనుకోవడం పొరపాటు. తేమ పట్టిన ప్లస్ నాజిల్‌లో చిటపటమంటూ, గోడ మీద సన్నని గరుకు చుక్కలు వేస్తూ, దారాలు పోస్తుంది. మామూలు ఫిలమెంట్ విరిగి హెచ్చరిస్తుంది, ఇది హెచ్చరించదు. ఆరబెట్టడం రెండింటికీ 45 నుంచి 50 డిగ్రీల దగ్గర ఆరేడు గంటలు. 60 దాటితే స్పూల్ మీద చుట్లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఓవెన్ గుండీ మీద 50 అని ఉన్నా లోపల ఓ పక్క 65 ఉండవచ్చు కాబట్టి విడిగా థర్మామీటర్ పెట్టడం మంచిది.

చివరగా ప్లస్ అంటే వట్టి ప్రచారమే అనేవాళ్ల మాట. ఏ ప్రమాణమూ లేని పేరును ఎవరైనా పెట్టుకోవచ్చు కాబట్టి వాళ్ల అనుమానం సహేతుకమే. దెబ్బ ఓర్పు అంకె ఇవ్వకుండా, ఒక్క లాగుడు బలం అంకెతో అమ్మే ప్లస్‌ను అనుమానించే తీరాలి. సున్నపురాయి పొడి ఎక్కువ కలిపి, బరువు పెంచి, ధర తగ్గించుకున్న సరుకు కూడా ఇదే పేరుతో తిరగగలదు. దాన్ని మడిస్తే తెల్లబారుతుంది గాని మూడో మడతకే తెగుతుంది. ఇటువైపు చూస్తే పేరులో ఏ గుర్తూ లేకుండా మామూలు పీఎల్ఏగా అమ్ముడయ్యేవాటిలో కూడా కొద్దిపాటి ఓర్పు సరుకు కలిసి ఉండవచ్చు. తెలుపు, నలుపు రంగుల స్పూల్ ఒకలా, అదే కంపెనీ పట్టు మెరుపు స్పూల్ ఇంకోలా విరగడం కూడా లోపలి కలుపుడులోని తేడా వల్లే. కాబట్టి రెండు పేర్ల మధ్య గీత డబ్బాల మీద ఉన్నంత స్పష్టంగా సరుకులో లేదు. ఒక జానెడు ఫిలమెంట్‌ను మడిచి చూడటం, ప్రింట్ చేసిన పట్టీ మధ్యలో పది నాణేలు వేలాడదీసి నీళ్లను నెమ్మదిగా వేడి చేస్తూ థర్మామీటర్ చూడటం, ఈ రెండు పనులతో అరగంటలో ఆ గీత ఎక్కడుందో తేలిపోతుంది. మొదటి పరీక్షలో రెండు స్పూళ్లూ వేరువేరుగా ప్రవర్తిస్తాయి. రెండోదానిలో, నీళ్లు 55 దాటి 60కి చేరేలోపు, రెండు పట్టీలూ దాదాపు కలిసే వంగుతాయి.